రెజ్యూమెలోని తేదీలను చదవడం

జావా డెవలపర్ కావాలని మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రకటన ఇస్తే వచ్చే రెజ్యూమెల్లో చాలావాటి మొదటి వాక్యం ఒకేలా ఉంటుంది: ‘ఎనిమిదేళ్లకు పైగా అనుభవం’. ఆ ఎనిమిదేళ్లు ఎప్పుడు మొదలయ్యాయో, మధ్యలో ఎక్కడ ఆగాయో చెప్పే తేదీలు మాత్రం మూడో పేజీలో ఎక్కడో ఉంటాయి. ఉద్యోగంలోకి ఎవరిని తీసుకోవాలో తేల్చే మేనేజరుకు ఆ మూడో పేజీ దాకా వెళ్లే తీరిక ఉండదు. అందుకే రిక్రూటర్లు ప్రతి రెజ్యూమెకూ ఒక పేజీ సారాంశం రాసి, దాన్ని పైన పెట్టి పంపుతారు. అందులో ముఖ్యంగా మూడు విషయాలుంటాయి: అభ్యర్థికి ఏ పని వచ్చు, ఉద్యోగాల మధ్య ఖాళీలు ఎన్ని, ఇప్పుడున్న కంపెనీ నుంచి ఎప్పటికి బయటపడగలరు.

చూడటానికి ఇవి మూడు వేర్వేరు గడులు. నిజానికి మూడింటి వెనకా ఉన్నవి తేదీలే. ఒక స్కిల్ ఎన్నాళ్లు వాడారు, చివరిసారి ఎప్పుడు వాడారు అన్నది తేదీ. గ్యాప్ రెండు తేదీల మధ్య దూరం. నోటీస్ పీరియడ్ ఇంకా రాని ఒక తేదీ. అందుకే అనుభవమున్న రిక్రూటర్ రెజ్యూమె చేతికి రాగానే పైనున్న పొగడ్తల పేరా వదిలేసి, ఉద్యోగాల తేదీలను ఒక కాగితం మీద వరసగా రాసుకుంటారు.

ఒక నమూనా రెజ్యూమె తీసుకుని ఈ పనంతా చేసి చూద్దాం. ఉద్యోగం హైదరాబాద్‌లో, జావా బ్యాకెండ్ డెవలపర్. కంపెనీ అడిగింది స్ప్రింగ్ బూట్‌లో కనీసం మూడేళ్లు, ఎస్‌క్యూఎల్, ఏడబ్ల్యూఎస్ క్లౌడ్‌లో కనీసం ఏడాది. ఆఫర్ ఇచ్చిన 45 రోజుల్లో చేరాలి. సారాంశం రాస్తున్న రోజు 2025 ఫిబ్రవరి 28.

రెజ్యూమె ప్రకారం అభ్యర్థి 2016లో బీటెక్ పూర్తిచేశారు. మొదటి ఉద్యోగం చెన్నైలో, 2016 జూలై నుంచి 2019 మార్చి వరకు. రెండోది బెంగళూరులో, దాని ఎదురుగా ‘2019 – 2021’ అని మాత్రమే ఉంది. మూడోది హైదరాబాద్‌లో, 2022 డిసెంబర్ నుంచి ఇప్పటిదాకా. పైన ‘ఎనిమిదేళ్లకు పైగా అనుభవం’, కింద పద్దెనిమిది స్కిల్స్ జాబితా, చివర ‘నోటీస్ పీరియడ్: 30 రోజులు’.

మొదటి చిక్కు ఆ ‘2019 – 2021’ దగ్గరే. నెలలు రాయనప్పుడు ఆ ఉద్యోగం 2019 డిసెంబర్‌లో మొదలై 2021 జనవరిలో ముగిసి ఉండొచ్చు; అప్పుడు అది 14 నెలలే. 2019 ఏప్రిల్‌లో మొదలై 2021 డిసెంబర్ దాకా సాగి ఉండొచ్చు. అప్పుడు 33 నెలలు. దాని తర్వాతి ఖాళీ కూడా 11 నెలలు కావచ్చు, 22 నెలలు కావచ్చు. ఇక్కడ మధ్యరకంగా ఒక అంకె ఊహించి రాయడం ఈ పనిలో అన్నిటికంటే పెద్ద తప్పు. సారాంశంలో ‘14 నుంచి 33 నెలలు, అభ్యర్థిని అడగాలి’ అని రాయాలి. తర్వాత ఫోన్ చేసి అడగాలి.

అడిగితే జవాబు వచ్చింది: 2019 జూన్ నుంచి 2021 సెప్టెంబర్ వరకు. ఇప్పుడు లెక్క సాఫీగా సాగుతుంది. మొదటి నెలనూ చివరి నెలనూ కలిపి లెక్కిస్తే మొదటి ఉద్యోగం 33 నెలలు, రెండోది 28, మూడోది ఫిబ్రవరి చివరికి 27. మొత్తం 88 నెలలు, అంటే 7 ఏళ్ల 4 నెలలు. 2016 జూలై నుంచి క్యాలెండర్ ప్రకారం గడిచినవి 104 నెలలు, అంటే 8 ఏళ్ల 8 నెలలు. తేడా 16 నెలలు. ‘ఎనిమిదేళ్లకు పైగా’ ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది: మొదటి ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నేటిదాకా ఏకబిగిన లెక్కపెట్టుకున్నారు. దీన్ని మోసం అనాల్సిన పని లేదు. చాలామంది అలాగే లెక్కపెడతారు. సారాంశంలో మాత్రం రెండు అంకెలూ పక్కపక్కన ఉండాలి: రెజ్యూమెలో ఉన్నది ఇది, లెక్కిస్తే వచ్చింది ఇది.

ఈ పక్కపక్కన పెట్టడమే మంచి సారాంశానికి గుర్తు. అందులోని ప్రతి మాటకూ ఒక మూలం ఉంటుంది. అది రెజ్యూమెలో ఉన్నదైనా కావాలి, దాన్నిబట్టి లెక్కకట్టినదైనా కావాలి, ఫోన్‌లో అభ్యర్థి చెప్పినదైనా కావాలి. ఈ మూడింటిలో ఏదీ కానిదాని పక్కన ‘తెలియదు’ అని రాయాలి. మూలం రాయని సారాంశంలో రిక్రూటర్ ఊహ, అభ్యర్థి మాట కలగలిసిపోతాయి. ఇంటర్వ్యూలో ఏదైనా తేడా వస్తే తప్పు ఎవరిదో తేలదు. నష్టం మాత్రం అభ్యర్థిదే.

ఇక స్కిల్స్. పద్దెనిమిది పేర్ల జాబితాను అలాగే దించేస్తే అది సారాంశం కాదు. ఒక్కో పేరునూ తీసుకుని, అది కింద ఏ ఉద్యోగపు వివరణలో మళ్లీ కనిపిస్తోందో వెతకాలి. కనిపించిన చోటి తేదీలే ఆ స్కిల్ వయసు. ఈ రెజ్యూమెలో స్ప్రింగ్ బూట్ రెండో, మూడో ఉద్యోగాల్లో ఉంది: 28, 27 కలిపి 55 నెలలు, అంటే 4 ఏళ్ల 7 నెలలు. చెన్నై ఉద్యోగంలో పాత జావా అప్లికేషన్ల నిర్వహణ తప్ప స్ప్రింగ్ బూట్ ఊసు లేదు. పైన రాసిన ఎనిమిదేళ్లను చూసి మేనేజర్ అదంతా స్ప్రింగ్ బూట్ అనుభవమే అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి, మొత్తం అనుభవాన్నీ ఈ పనికి పనికొచ్చే అనుభవాన్నీ విడివిడిగా రాయాలి. రిక్రూటర్లు వీటినే టోటల్, రెలవెంట్ అంటారు.

కాఫ్కా పేరు బెంగళూరు ఉద్యోగంలో మాత్రమే ఉంది. అంటే చివరిసారి వాడింది 2021 సెప్టెంబర్‌లో, దాదాపు మూడున్నరేళ్ల కిందట. వచ్చు అని రాయొచ్చు గానీ, చివరిసారి ఎప్పుడు వాడారో పక్కన రాయకపోతే ఆ మాట సగమే. కుబర్నెటీస్ జాబితాలో తప్ప ఇంకెక్కడా లేదు. అలాంటిదాన్ని సారాంశం నుంచి కొట్టేయకూడదు, ఒప్పేసుకోకూడదు. ‘జాబితాలో ఉంది, ఏ ప్రాజెక్టులోనూ కనిపించలేదు’ అని ఉన్నదున్నట్టు రాయాలి. ఫోన్‌లో అడిగితే అభ్యర్థి దాచకుండా చెప్పారు: తమ కంపెనీలో ఆ పని వేరే టీమ్ చూస్తుంది, తాను లాగ్స్ చూసి తప్పు పట్టుకోవడం వరకే చేస్తానని. ఏడబ్ల్యూఎస్ మూడో ఉద్యోగంలో ఉంది కాబట్టి గరిష్ఠంగా 27 నెలలు ఉండొచ్చు. కానీ ఉద్యోగంలో చేరిన రోజునుంచే దాన్ని వాడారని ఏమీ లేదు. అడిగితే ఆ టీమ్ క్లౌడ్‌కు మారింది 2023 సెప్టెంబర్‌లో అని తేలింది, అంటే 18 నెలలు. కంపెనీ అడిగిన ఏడాదికి అది చాలు.

క్రియాపదాలు కూడా చాలా చెబుతాయి. ‘డిజైన్ చేశాను’, ‘డెవలప్ చేశాను’ అనడం వేరు; ‘ఇన్‌వాల్వ్ అయ్యాను’, ‘ఎక్స్‌పోజర్ ఉంది’ అనడం వేరు. సారాంశం రాసేవారు వీటన్నిటినీ ‘నిపుణుడు’ అన్న ఒక్క మాటలోకి మార్చేస్తే అసలు సమాచారం పోతుంది. అభ్యర్థి వాడిన క్రియనే సారాంశంలోనూ ఉంచాలి.

స్కిల్ వయసు లెక్కలో ఇంకొక హద్దు ఉంది. ఏ సాంకేతికతా అది పుట్టకముందు ఎవరి చేతిలోనూ ఉండదు. స్ప్రింగ్ బూట్ మొదటి స్థిర వెర్షన్ వచ్చింది 2014 ఏప్రిల్‌లో, కుబర్నెటీస్‌ది 2015 జూలైలో. 2010 నుంచీ స్ప్రింగ్ బూట్ వాడుతున్నానని ఎవరైనా రాస్తే, పాత స్ప్రింగ్‌తో కలిపి రాశారేమో అడగాలి. ఈ పొరపాటు కంపెనీలూ చేస్తాయి. ఫాస్ట్ఏపీఐ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన సెబాస్టియన్ రమిరెజ్ 2020లో ఒక ఉద్యోగ ప్రకటన గురించి ట్విట్టర్‌లో రాశారు. అందులో ఫాస్ట్ఏపీఐలో నాలుగేళ్లకు పైగా అనుభవం అడిగారట. దాన్ని ఆయన పుట్టించి అప్పటికి ఏడాదిన్నరే. కాబట్టి సారాంశంలో ‘అర్హత లేదు’ అని రాసే ముందు కంపెనీ అడిగింది సాధ్యమేనా అని కూడా చూసుకోవాలి.

తర్వాత గ్యాప్‌లు. తేదీలు వరసగా రాసుకున్నాక వీటిని వెతకక్కర్లేదు, వాటంతటవే బయటపడతాయి. ఇక్కడ రెండున్నాయి: 2019 ఏప్రిల్, మే నెలలు, 2021 అక్టోబర్ నుంచి 2022 నవంబర్ వరకు 14 నెలలు. ఉద్యోగం మారేటప్పుడు ఒకటి రెండు నెలల ఖాళీ మామూలే కాబట్టి మొదటిదాన్ని రాసి వదిలేయొచ్చు. రెండోదాని గురించి అడగాలి. అడిగే తీరు ముఖ్యం. ‘ఆ కాలంలో ఏం చేశారో చెప్పగలరా అండీ?’ అన్న ప్రశ్న చాలు. పెళ్లి, పిల్లలు, ఆరోగ్యం గురించి తవ్వడం అనవసరం, అన్యాయం కూడా. నాన్నగారికి ఆరోగ్యం బాగాలేక ఊళ్లో ఉండిపోయానని ఈ అభ్యర్థి తనంతట తానే చెప్పారు. సారాంశంలోకి వచ్చేది ‘కుటుంబ బాధ్యత, అభ్యర్థి మాట’ అన్న నాలుగు ముక్కలే. తండ్రి జబ్బు వివరాలతో మేనేజరుకు పని లేదు.

ఆ 14 నెలలు ఈ ఉద్యోగానికి అడ్డమా కాదా అన్నది ఖాళీ పొడవును బట్టి తేలదు. దాని తర్వాత ఏం జరిగిందో చూడాలి. ఈ అభ్యర్థి తిరిగి వచ్చి 27 నెలలుగా స్ప్రింగ్ బూట్ మీదే పనిచేస్తున్నారు. కాబట్టి చేతి అలవాటు తప్పిందన్న ప్రశ్నే లేదు. అదే 14 నెలల ఖాళీ నిన్నటితో ముగిసి ఉంటే, ఇంటర్వ్యూలో కోడ్ రాయించి చూడటం న్యాయం. అందుకే గ్యాప్ పక్కన నెలలతోపాటు అది ఎప్పుడు ముగిసిందో, ఆ తర్వాత ఎన్నాళ్లు పనిచేశారో కూడా రాయాలి.

గ్యాప్‌లా కనిపించి గ్యాప్ కానివీ ఉన్నాయి. ప్రసూతి ప్రయోజనాల చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల వేతన సెలవు ఉంటుంది. ఆ సెలవులో ఉన్నంతకాలం ఆమె ఉద్యోగే. దాన్ని అనుభవం నుంచి తీసేయడానికి వీల్లేదు. హైదరాబాద్‌లో తరచు ఎదురయ్యే ఇంకొక తికమక పేరోల్ గురించి. కన్సల్టెన్సీ ఉద్యోగిగా జీతం తీసుకుంటూ రెండేళ్లు క్లయింట్ ఆఫీసులో కూర్చున్న మనిషి రెజ్యూమెలో క్లయింట్ పేరే రాసుకుంటారు. రిలీవింగ్ లెటర్ మీద కన్సల్టెన్సీ పేరు ఉంటుంది. తర్వాత వెరిఫికేషన్‌లో పేర్లు కలవక అబద్ధమాడినట్టు కనిపిస్తుంది. ‘జీతం ఎవరిచ్చారండీ, కూర్చుంది ఎక్కడండీ?’ అని ముందే అడిగి రెండు పేర్లూ సారాంశంలో రాస్తే ఆ ఇబ్బంది రాదు.

తేదీలను సరిచూసుకోవడానికి ఒక మంచి దారి ప్రావిడెంట్ ఫండ్ రికార్డు. 2014 నుంచి ప్రతి సభ్యునికీ యూఏఎన్ అనే ఒకే నంబరు ఉంటోంది. అభ్యర్థి తన ఖాతాలోకి వెళ్లి సర్వీస్ హిస్టరీ తెరిస్తే ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు బయటికి వచ్చారో కనిపిస్తుంది. ఆ పేజీని అభ్యర్థే తీసి ఇవ్వాలి. పాస్‌వర్డు, ఓటీపీ అడగడం ఏ రిక్రూటరూ చేయకూడని పని. ఈ రికార్డుకూ పరిమితులున్నాయి. కొన్ని కంపెనీలు వెళ్లిపోయిన తేదీని నెలల తరబడి నమోదు చేయవు. ఇరవై మందికన్నా తక్కువమంది ఉన్న చిన్న సంస్థలు సాధారణంగా పీఎఫ్ పరిధిలోకే రావు. కాబట్టి పీఎఫ్‌లో లేనంత మాత్రాన ఉద్యోగం చేయలేదని రాయకూడదు.

మూడోది నోటీస్ పీరియడ్. సారాంశాల్లో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే, ఎందుకంటే ఒకే మాట కింద నాలుగు వేర్వేరు విషయాలు దాక్కుని ఉంటాయి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఎన్ని రోజులని ఉంది? రాజీనామా ఇచ్చేశారా, లేదా? ఇచ్చి ఉంటే చివరి పనిదినం ఏది? మిగిలిన రోజులకు డబ్బు కట్టి బయటపడే వీలుందా? ఈ చివరిదాన్నే బయౌట్ అంటారు. ఐటీ కంపెనీల్లో 60 రోజులు, 90 రోజులు అన్న నిబంధన చాలా చోట్ల ఉంది. అంత గడువు చెబితే పిలవరేమోనన్న భయంతో అభ్యర్థులు రెజ్యూమెలో తక్కువ రోజులు వేస్తారు.

ఈ రెజ్యూమెలోని ‘30 రోజులు’ గురించి రిక్రూటర్ ఫోన్‌లో అడిగారు: ‘మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఎన్ని రోజులని ఉందండీ?’ జవాబు: 90. రాజీనామా ఇంకా ఇవ్వలేదు. కంపెనీలో బయౌట్ నియమం ఉంది, కానీ మేనేజర్ ఒప్పుకోవాలి. తమ టీమ్‌లో ఇంతకుముందు ఒకరిని నెలకే వదిలారు కాబట్టి తననూ వదులుతారన్న నమ్మకంతో 30 అని రాశారు. అది అభ్యర్థి ఆశ, ఒప్పందం కాదు. సారాంశంలో ‘ఒప్పందం 90, ఆశిస్తున్నది 30’ అని రెండూ ఉండాలి.

తర్వాత రోజుల్ని తేదీలుగా మార్చాలి. మార్చి 10న ఆఫర్ ఇచ్చి, అభ్యర్థి ఆ రోజే రాజీనామా పంపారనుకుందాం. మర్నాటి నుంచి 90 రోజులు లెక్కిస్తే జూన్ 8తో ముగుస్తాయి. అది ఆదివారం కాబట్టి జూన్ 9న చేరగలరు. కంపెనీ అడిగిన 45 రోజుల గడువు ఏప్రిల్ 24. ఆ రోజు చేరాలంటే ఏప్రిల్ 23తో పాత కొలువు ముగియాలి. అప్పటికి పూర్తయ్యే నోటీసు 44 రోజులు. మిగిలిన 46 రోజులకు బయౌట్ కావాలి.

ఆ 46 రోజుల ఖరీదు ఎంత? అది పాత కంపెనీ లెటర్‌లో ఒక్క పదం మీద ఆధారపడి ఉంటుంది. నెల జీతం 1,20,000 రూపాయలు, అందులో బేసిక్ 48,000 అనుకుందాం. మొత్తం జీతం మీద లెక్కిస్తే రోజుకు 4,000 చొప్పున 1,84,000 రూపాయలు. బేసిక్ మీదైతే రోజుకు 1,600 చొప్పున 73,600. కొత్త కంపెనీ ఈ డబ్బు భరిస్తుందా అన్న నిర్ణయానికి ఈ తేడా కీలకం. అందుకే ‘బయౌట్ ఉంది’ అని రాసి ఆగిపోకుండా, దేని మీద లెక్కిస్తారో కూడా కనుక్కోవాలి. ఈ అభ్యర్థి లెటర్ చూసి చెప్పారు: బేసిక్ మీద.

ఇంతా చేశాక మేనేజర్ చేతికి వెళ్లే కాగితం ఇలా ఉంటుంది:

ఉద్యోగం: జావా బ్యాకెండ్ డెవలపర్, హైదరాబాద్. తయారీ తేదీ: 28-02-2025.
మొత్తం అనుభవం: 7 ఏళ్ల 4 నెలలు (లెక్క). రెజ్యూమెలో ఎనిమిదేళ్లకు పైగా.
స్ప్రింగ్ బూట్: 4 ఏళ్ల 7 నెలలు, ఇప్పుడూ వాడుతున్నారు (లెక్క). అడిగింది 3 ఏళ్లు.
ఎస్‌క్యూఎల్: మూడు ఉద్యోగాల్లోనూ ఉంది (రెజ్యూమె).
ఏడబ్ల్యూఎస్: 18 నెలలు (ఫోన్). అడిగింది ఏడాది.
కాఫ్కా: చివరిసారి 2021 సెప్టెంబర్ (లెక్క).
కుబర్నెటీస్: లాగ్స్ చూడటం వరకు (ఫోన్). ప్రాజెక్టుల్లో లేదు.
గ్యాప్: 2 నెలలు, 2019. 14 నెలలు, 2022 నవంబర్‌లో ముగిసింది. ఆ తర్వాత 27 నెలలుగా పనిలో ఉన్నారు. కారణం: కుటుంబ బాధ్యత (ఫోన్).
నోటీస్: ఒప్పందం 90 రోజులు, రాజీనామా ఇవ్వలేదు (ఫోన్). ఏప్రిల్ 24న చేరాలంటే 46 రోజుల బయౌట్, బేసిక్ మీద. పాత మేనేజర్ ఒప్పుకోవాలి.
తెలియదు: తక్కువ గడువుకు పాత కంపెనీ వదులుతుందా అన్నది.

ఈ కాగితంలో ఏవి లేవో కూడా గమనించాలి. మన దగ్గర రెజ్యూమెల చివర తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, మతం, పాస్‌పోర్టు నంబరు రాయడం ఇంకా అలవాటుగానే ఉంది. కోడ్ రాయగలరా అన్న ప్రశ్నకు వీటిలో ఏదీ జవాబు కాదు. సారాంశంలోకి ఇవి రాకూడదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, ఏ పనికి సమాచారం తీసుకున్నారో ఆ పనికి అవసరమైనంతే వాడాలన్న సూత్రం మీదే నడుస్తుంది. ‘మంచి అభ్యర్థి’, ‘నిలకడ లేని మనిషి’ వంటి తీర్పులు కూడా అందులో లేవు. తీర్పు మేనేజరుది, అదీ ఇంటర్వ్యూ తర్వాత.

కాగితాన్ని మేనేజరుకు పంపేముందు అభ్యర్థికి చూపించడం మంచి రిక్రూటర్ల పద్ధతి. ఐదు నిమిషాల పని. తన పేరు మీద ఏం వెళ్తోందో అభ్యర్థికి తెలుస్తుంది, తేదీ తప్పు పడితే అప్పుడే దిద్దుకోవచ్చు. ఉద్యోగం వెతుక్కునేవారు కూడా ఈ పనిలో సగం ముందే చేసిపెట్టొచ్చు. ప్రతి ఉద్యోగానికీ నెల, సంవత్సరం రాయాలి. ముఖ్యమైన స్కిల్‌ను ఏ ప్రాజెక్టులో వాడారో అక్కడే పేర్కొనాలి. పెద్ద ఖాళీ ఉంటే దాని మొదలు, ముగింపు నెలలను ఒక వాక్యంలో చెప్పేయాలి. నోటీసు దగ్గర లెటర్‌లో ఉన్న రోజులే వేసి, తగ్గే వీలుంటే పక్కన ఆ మాట రాయాలి.

స్కిల్స్, గ్యాప్‌ల వరసలు నెలలు గడిచినా పెద్దగా మారవు. నోటీసు వరస అలా కాదు. ఫిబ్రవరి 28న ‘రాజీనామా ఇవ్వలేదు’ అన్నవారు వారంలో వేరే ఆఫర్ మీద రాజీనామా ఇచ్చి ఉండొచ్చు; అప్పుడు చివరి పనిదినం ముందుకు వస్తుంది, బయౌట్ రోజులు తగ్గుతాయి. ఇప్పుడున్న కంపెనీయే జీతం పెంచి ఆపేసి ఉండొచ్చు కూడా. కాబట్టి మార్చి 10న ఆఫర్ లెటర్ పంపే ముందు రిక్రూటర్ ఆ ఒక్క వరస కోసం మళ్లీ ఫోన్ చేసి, కొత్త తేదీ వేసి, లెక్క తిరగరాస్తారు.